ఖాళీ మేకుకు నారచుట్ట

మా మేనమామ గోగుపుల్లలు అమ్మేవాడు. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే, పుల్లలు కూడా ఎవరైనా కొంటారా అని నా మొహంలోకి చూస్తారు. కొనేవాళ్లు. విజయనగరం నుంచి సాలూరు వెళ్లే దారి పొడుగునా ఆ రోజుల్లో గోగు వేయని ఊరు అరుదు. కోసిన గోగును నీళ్లలో నానేసి, నార ఒలిచేస్తే లోపల తెల్లటి పుల్ల మిగులుతుంది. మనిషెత్తు ఉంటుంది, బరువు మాత్రం ఉండదు. దడి కట్టడానికి అదే, పందిరి మీద పరవడానికి అదే, తెల్లారి పొయ్యి అంటించడానికీ అదే.

మామ దుకాణంలో నారతాళ్లు, బుట్టలు, చేటలు కూడా ఉండేవి గాని, వరికోతలకు ముందు నెలల్లో మాత్రం పుల్లలదే రాజ్యం. వాకిట్లో గుట్టలు గుట్టలుగా పడి ఉండేవి. వాటి మధ్య అరుగు మీద మామ గొంతుక్కూర్చుని కట్టలు కట్టేవాడు. పది పుల్లలు లెక్కపెట్టి నారతో ముడివేస్తే అది కట్ట. అలాంటి కట్టలు పదింటిని కలిపి తాడుతో బిగిస్తే మోపు. అంతకన్నా పెద్ద బేరం వస్తే పది మోపుల్ని ఒకచోట పేర్చి చుట్టూ మోకు వేసేవాడు. దాన్ని దొంతి అనేవాళ్లు.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. అరుగు మీద తొమ్మిదికి మించి విడి పుల్లలు కనిపించకూడదు. పదోది రాగానే అన్నీ కలిపి కట్టేయాల్సిందే. అన్నం ముందు కూర్చున్నా సరే, పదో పుల్ల కంటపడితే ఎడమచేత్తో నార లాగేవాడు. అత్త తిట్టేది. ఆయన ముడి వేశాకే ముద్ద ఎత్తేవాడు.

ఇదంతా నేను రోజూ చూసేదాన్ని. చూడడం వేరు, తెలియడం వేరు అని తరవాత అర్థమైంది.

అవి అరవైల చివరి రోజులు. మా బడి ఒకటే గది, ఒకరే మాస్టారు. ముందువైపు గోనెపట్టా మీద ఒకటో తరగతి, దాని వెనక పట్టా మీద రెండో తరగతి, గోడ దగ్గర పెద్దపిల్లలు. నేను రెండో తరగతి. నా పక్కన నా నేస్తం. ఆమెదీ మాదీ వేరు వేరు వీధులు, అయినా మా ఇద్దరి చింతగింజలు ఒకే మూటలో ఉండేవి. అంతకన్నా దగ్గరితనం ఏముంటుంది చెప్పండి.

వంద దాటిన అంకెలు మొదలయ్యేసరికి నా బతుకు తిరగబడింది. మాస్టారు “నూట ఇరవై” అంటే నేను ముందు నూరు రాసి, దాని పక్కన ఇరవై రాసేదాన్ని. 10020. నాకు అందులో తప్పేమీ కనిపించేది కాదు. నూరు అన్నారు, నూరు రాశాను. ఇరవై అన్నారు, ఇరవై రాశాను. విన్నదంతా రాసినదాన్ని తప్పు అంటారేమిటి అని నాకు ఒళ్లుమండేది. మాస్టారు మంచివారే. మళ్లీ మళ్లీ చెప్పేవారు, బోర్డు మీద గళ్లు గీసి చూపించేవారు. ఆయన చెప్పినంతసేపు తలూపి, పలక చేతికి రాగానే మళ్లీ నా దారిన నేను పోయేదాన్ని.

చివరికి ఒకరోజు ఆయన, “నువ్వు ముందు వరసలో కూర్చోమ్మా. వందలు రాయడం వచ్చాక మళ్లీ నీ చోటికి వెళుదువుగాని” అన్నారు.

ముందు వరస అంటే ఒకటో తరగతి. ముక్కు కారుతూ అ ఆలు దిద్దే గుంటల మధ్య నేను. లేచి వెళుతూ ఒకసారి వెనక్కి చూశాను. నేను లేచిన చోటులోకి అటు పక్క పిల్ల అప్పుడే ఒక మోకాలు జరిపింది. గోనెపట్టా సంగతి అంతే. ఎవరైనా లేస్తే చాలు, పక్కవాళ్లు ఇటూ అటూ జరిగి ఆ ఖాళీని మింగేస్తారు. సాయంత్రానికి అక్కడ ఒకరు ఉండేవారన్న గుర్తే మిగలదు.

ముందు వరసలో కూర్చున్నవాళ్లకు వెనక వరస కనిపించదు. తల తిప్పితే మాస్టారు ఊరుకోరు. నా చోటు పోయిందనే అనుకున్నాను. బడి విడిచాక నేస్తం ఏదో చెప్పబోయింది. రోషం కొద్దీ ఆగకుండా ఇంటికి వచ్చేశాను. మరునాడు కూడా అంతే. నాకు ఆ వయసులో కావలసింది ఒక్కటే, ఆ పట్టా మీద ఆమె పక్కన నా చోటు. దానికి అడ్డంగా నూట ఇరవై నిలబడి ఉంది.

ఆ రోజుల్లోనే బడి వెనక మాస్టారు పెద్దపిల్లలతో వంకాయ నారు పోయించారు. నారు లేచిందో లేదో మేకలు దూరడం మొదలుపెట్టాయి. మాస్టారు తాడుతో మడి చుట్టూ కొలిచి లెక్కచూసుకుని, మధ్యాహ్నం అన్నానికి వదిలేటప్పుడు నన్ను పిలిచారు.

“మీ మామయ్యని దడికి నూట ఆరు పుల్లలు పంపమని చెప్పు. మర్చిపోకుండా పలక మీద రాసుకుని వెళ్లు.”

రాసుకున్నాను. 1006. చక్కగా, గుండ్రంగా రాశాను.

నేను వెళ్లేసరికి దుకాణం ముందు బండి ఆగి ఉంది. సాలూరులో లారీకి ఎక్కించాల్సిన పుల్లలు. మోపులన్నీ బండి మీదికి ఎక్కేశాయి. బండాయన తాడు బిగిస్తున్నాడు. ఆయన మా అత్తకు వరసకు తమ్ముడు, మామను బావా అంటాడు.

“మావా, మాస్టారు దడికి పుల్లలు పంపమన్నారు” అని పలక అందించాను.

మామ పలకను వెలుగుకు తిప్పి చూశాడు. లోపలికి వెళ్లి నారపోగులు తీసుకుని వచ్చి దుకాణం తలుపు ముందు నిలబడ్డాడు.

ఆ తలుపు మీద వరసగా నాలుగు మేకులు ఉండేవి. బండివాళ్లకు, మోసేవాళ్లకు చదువు రాదు కాబట్టి మామ బేరాన్ని మేకులకు తగిలించేవాడు. మనం తలుపుకు ఎదురుగా నిలబడితే, మన కుడిచేతివైపు చివరి మేకు విడి పుల్లలది. దాని ఎడమపక్కది కట్టలది. ఆ పక్కది మోపులది. అన్నిటికన్నా ఎడమన ఉన్నది దొంతులది. ఎన్ని కావాలో అన్ని ముడులు వేసిన నారపోగు ఆ మేకుకు వేలాడేది. ఏ మేకు మీదా తొమ్మిదికి మించి ముడులు ఉండవు. పది అయితే పక్క మేకుకు ఒక్క ముడి అవుతుంది, అంతే.

మామ దొంతుల మేకుకు ఒక్క ముడి తగిలించాడు. చివరి మేకుకు ఆరు ముడులు. మధ్య రెండు మేకులకూ ముడి లేని నారచుట్టలు, ఒక్కొక్కటి గాజంత గుండ్రంగా. తగిలించి బండివైపు తిరిగాడు.

“బావమరిదీ, తాడిప్పు. దొంతి దించాల.”

బండాయన తాడు వదిలి నడుం మీద చేతులు వేసుకున్నాడు. “ఏటి బావా, ఎక్కించినవి మల్లీ దించడమేటి? సాలూరులో లారీ నాకోసం కూసుంటాదేటి?”

“ముందు బడికి. తరవాతే లారీ. రాసినది రాసినట్టు ఇవ్వాల.”

మోపులు ఒక్కొక్కటే దిగుతున్నాయి. ఒకటి, రెండు, మూడు. అరుగు నిండిపోయింది. నాలుగోది వాకిట్లో పడింది. బండాయన గొణుగుతూ అయిదోదాన్ని భుజానికి ఎత్తుకున్నాడు. మా నారుమడి ఎంతో నేను చూశాను. ఈ పుల్లలతో మా బడి చుట్టూ కట్టి, పక్కనున్న రచ్చబండ చుట్టూ కూడా కట్టొచ్చు.

“మావా,” అన్నాను, “దడి నారుమడికి. బడికి కాదు.”

మామ బండాయనను ఆగమని చేయి చూపించాడు. “మాస్టారు ఎన్నని సెప్పినారు? పలక సూడకుండా నోటితో సెప్పు.”

“నూట ఆరు.”

బండాయన అయిదో మోపును కింద పడేసి పకపకా నవ్వాడు. “సరిపోయింది. మీ మేనకోడలు మేకలకే కాదు బావా, ఏనుగులకీ దడి కట్టిస్తాది.”

మామ నవ్వలేదు. అందుకే ఆయనంటే నాకు ఇప్పటికీ ప్రాణం. నవ్వి ఉంటే ఏడ్చేసి పారిపోయేదాన్ని, ఈ కథ ఇక్కడితో ఆగిపోయేది.

“అయితే ఇక్కడ కూకో” అన్నాడు. అరుగు మీద ఒక మోపు పక్కన నన్ను కూర్చోబెట్టాడు. “నూరు ఇమ్మంటే నానేటిస్తాను?”

“ఒక మోపు.”

“ఇంకేటిస్తాను? కట్టలేవైనా ఇస్తానా?”

“ఇవ్వవు.”

“విడి పుల్లలు?”

“ఇవ్వవు.”

ఆయన పాత నారపోగులన్నీ తీసేసి, మోపుల మేకుకు ఒక్క ముడి వేలాడదీశాడు. కట్టల మేకుకు చుట్ట. పుల్లల మేకుకు చుట్ట. బేరం మోపుతోనే మొదలు గనక దొంతుల మేకును వదిలేశాడు.

“ఇప్పుడు పలక మీద నూరు రాయి.”

రాశాను. 100. తలుపు వైపు చూశాను, పలక వైపు చూశాను. ఒకటి, చుట్ట, చుట్ట. ఒకటి, సున్న, సున్న. ఎన్నేళ్లుగానో ఆ తలుపు ముందు ఆడుకున్నాను. ఆ చుట్టలు సున్నలని నాకు ఏనాడూ తోచలేదు.

“ఈ చుట్టలు ఎందుకు మావా? ఏమీ లేకపోతే మేకుని వట్టినే వదిలేయొచ్చు కదా?”

“వట్టి మేకు సూస్తే నీకేటి తెలుస్తాది? పుల్లలొద్దని వదిలేసినానో, కట్టిన పోగు గాలికి పడిపోయిందో? చుట్ట ఉన్నాదంటే, నాను సూసినాను, ఇక్కడేటీ నేదు అని.”

ఆయన విడి పుల్లలు ఆరు ఏరి నా ఒళ్లో పెట్టాడు. “నూరు ఇచ్చినాను. ఇప్పుడు ఇంకో ఆరు కావాలంటన్నారు మాస్టారు. ఈ ఆరూ ఏ మేకువి?”

“చివరిది.”

“అక్కడ చుట్ట ఉన్నాది గదా.”

“చుట్ట తీసేసి, ఆరు ముడులు పెట్టాలి.”

“ఎట్టు మరి.”

కాళ్లెత్తి నిలబడినా నాకు మేకు అందలేదు. మామ ఎత్తుకున్నాడు. చుట్ట తీసి, ఆరు ముడులు వేసిన పోగును నేనే తగిలించాను. మోపు మేకుకు ఒకటి, మధ్యలో చుట్ట, చివర ఆరు.

“నువ్వు పలక మీద ఏటి సేసినావంటే,” అన్నాడు మామ నన్ను దించుతూ, “నూరులోని చుట్టల్ని రెండింటినీ అలాగే ఉంచేసి, ఆరుని ఆటి తరవాత ఎట్టినావు. ఆరు చివరికి వచ్చి కూకునేసరికి ఒకటి ఓ మేకు ఎడమకి జరిగిపోనాది. మోపు దొంతయిపోనాది. నీ సెవి విన్నట్టు రాసినావు, అంతే. పుల్లలు అలగ కూకోవు. వచ్చిన ఆరూ ఆ చివరి చుట్టని లేపి, దాని సోట్లోనే కూకుంటాయి.”

“మధ్య చుట్ట కూడా తీసేస్తే?” అని అడిగాను. నాకు అప్పుడప్పుడే ధైర్యం వస్తోంది.

“తలుపు మీదైతే మేకు ఉన్నాది కాబట్టి ఎలాగోలా తెలుసుకుంటాను. పలక మీద మేకులేవి? తీసేసి సూడు.”

నా పరికిణీ అంచుతో పలక తుడిచి, ఒకటి, దాని పక్కన ఆరు రాశాను. పదహారు. ఒక కట్ట, ఆరు పుల్లలు. మోపు కాస్తా కట్ట అయిపోయింది. మా నారుమడిలో ఒక మూలకు కూడా చాలదు.

మళ్లీ తుడిచాను. ఒకటి. సున్న. ఆరు. ఈసారి సున్నను రాస్తుంటే నా చెయ్యి కొంచెం మెల్లగా కదిలింది. అది ఊరికే గుండ్రంగా గీసే గీత కాదని, అక్కడ దానికి పని ఉందని తెలిసింది.

బండాయన దించిన మోపుల్లో నాలుగింటిని మళ్లీ ఎక్కించుకున్నాడు. “ఒసే గుంటా, ఇంకోసారి పలక తెచ్చినప్పుడు నాను దూరంగా ఉంటాను” అన్నాడు. మిగిలిన మోపును కూడా బండి మీదే వేసుకుని, వెళ్లే దారే కదా అని బడి దగ్గర దించిపోయాడు. విడి పుల్లలు ఆరూ నేనే మోసుకుని వచ్చాను. మామ నా చేతికి ఒక నారచుట్ట కూడా ఇచ్చాడు. గాజులా మణికట్టుకు వేసుకున్నాను.

మాస్టారు పలక చూశారు. నారుమడి మూల దగ్గర నిలబడి ఉన్నారు, చేతులకు మట్టి. నా మొహంలోకి చూసి లోపలికి రమ్మన్నారు.

“నాలుగు వందల తొమ్మిది రాయి.”

కళ్లు మూసుకుంటే తలుపు కనిపించింది. నాలుగు మోపులు. కట్టలు లేవు. తొమ్మిది పుల్లలు. 409 అని రాశాను.

మాస్టారు సున్న మీద వేలు పెట్టారు. “ఇదెందుకు?”

“అక్కడ కట్టలు లేవండి. లేవని సెప్పకపోతే నాలుగు మోపులూ కట్టలైపోతాయండి.”

ఆయన నేను తెచ్చిన పుల్లల్లోంచి ఒకటి తీసి నా ముందు పెట్టారు. “సరే, ఇంకొక్క పుల్ల వచ్చింది. ఇప్పుడు?”

తొమ్మిది, ఇంకొకటి. పది. అరుగు మీద పది విడిగా ఉండకూడదు. మామ ఎడమచేత్తో నార లాగడం నా కళ్ల ముందు కదిలింది. పదీ కలిపి కట్ట కట్టేయాలి. మధ్య మేకుకు ఒక ముడి వస్తుంది. అక్కడి చుట్ట పోతుంది. చివరి మేకు ఖాళీ అవుతుంది కాబట్టి చుట్ట ఇప్పుడు అక్కడికి రావాలి. నా మణికట్టు మీది చుట్టను తీసి నేల మీద ఒకసారి అటు నుంచి ఇటు జరిపి చూసుకుని, రాశాను. 410.

“వెళ్లు, నీ చోటికి వెళ్లు” అన్నారు మాస్టారు. ఆయన గొంతులో సంతోషం నాకు స్పష్టంగా వినిపించింది.

పలక గుండెకు హత్తుకుని వెనక వరసకు నడిచాను. వెళ్లమన్నారు గాని, వెళ్లడానికి చోటేది? ఎప్పుడో మింగేసి ఉంటారు. పట్టా చివర, గోడవార మూలలో ఒదిగి కూర్చోవాలేమో అనుకున్నాను.

నేస్తం పక్కన మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఆమె పలకసంచి నిలువుగా పెట్టి ఉంది. అటుపక్క పిల్ల ఆ సంచికి మోకాలు ఆనించి విసుగ్గా కూర్చుంది.

“రోజూ దీంతో దెబ్బలాటే,” అంది నా నేస్తం, నా వైపు చూడకుండా. “సంచి తీసేమంటాది. నీ సోటని సెప్పినాను. నీకు సెప్పుదామంటే నువ్వు ఆగవు.”

వట్టిగా వదిలేస్తే ఆ చోటు ఏనాడో పోయి ఉండేది. అక్కడ ఎవరూ లేరని, ఉండాల్సినవాళ్లు వస్తారని ఆ సంచి ఇన్నాళ్లూ చెబుతూ కూర్చుంది. నేను తలుపు దగ్గర అప్పుడే నేర్చుకుని వచ్చిన పాఠం నా వెనకే, నాకు కనిపించకుండా, రోజూ జరుగుతూ ఉంది.

ఆమె సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. నేను ఆ చోటులో కూర్చున్నాను. నారచుట్ట తీసి ఆమె చేతికి వేశాను. ఇదేమిటని అడిగింది.

“సున్న” అన్నాను.

ఎందుకని అడగలేదు. చెయ్యి తిప్పి చూసుకుని, చింతగింజల మూట విప్పింది.